మీసం ఎక్కడ లావు? ఫొటోలో సీతాకోకచిలుకనూ మాత్‌నూ వేరు చేయడం

పోయిన కార్తీకంలో నర్సంపేట నుంచి మా మేనల్లుడు ఒక ఫొటో పంపాడు. వరండాలో ట్యూబులైటు కింద గోడకు ఎండుటాకు అంటుకున్నట్టుగా ఉంది. "మామా, ఇది సీతాకోకచిలుకనా, దీపం పురుగా?" అని అడిగాడు. నేను చూసేలోపే ఇంటి గ్రూపులో తీర్పు వచ్చేసింది. రాత్రి వచ్చింది, మట్టి రంగులో ఉంది, లైటు దగ్గర వాలింది, కాబట్టి దీపం పురుగే అన్నారు అందరూ. ముగ్గురు నలుగురు పెద్దవాళ్లు ఒక్కమాట మీద ఉన్నప్పుడు కాదనడం కష్టమే గానీ, అది సీతాకోకచిలుక. ఎలా తెలిసిందో చెప్పే ముందు పేర్ల సంగతి ఒకటి తేల్చుకోవాలి.

మాత్ అనే జీవికి మనకు అందరూ ఒప్పుకున్న పేరు ఒక్కటి లేదు. పుస్తకాల్లో చిమ్మట అని రాస్తారు. ఆ మాట వింటే చాలామందికి రాత్రంతా అరిచే కీచురాయే గుర్తొస్తుంది. పత్తి, వరి రైతులు రెక్కల పురుగు, తల్లి పురుగు అంటారు. ఇంట్లో అయితే దీపం పురుగు. ఈ గందరగోళం ఎందుకని నేను మాత్ అనే రాస్తాను.

అసలు చిక్కు పేరులో లేదు, మనం ప్రశ్న వేసుకునే తీరులో ఉంది. సీతాకోకచిలుకలు ఒక జాతి, మాత్‌లు దానికి ఎదురుగా ఇంకో జాతి, రెండూ సగం సగం అనుకుంటాం. నిజానికి ఇదంతా ఒకటే పెద్ద చెట్టు. రెక్కల మీద పొడి లాంటి పొలుసులున్న పురుగులన్నీ ఆ చెట్టువే. లోకంలో వీటిలో దాదాపు లక్షా అరవై వేల రకాలకు పేర్లు పెట్టారు. అందులో సీతాకోకచిలుకలు సుమారు 18 వేలు. అవి ఆ చెట్టుకున్న ఒకే ఒక్క కొమ్మ. మిగతా కొమ్మలన్నిటినీ కలిపి మాత్‌లు అంటున్నాం. ఒక కొమ్మవి కాబట్టి సీతాకోకచిలుకలకు కొన్ని పోలికలు గట్టిగా ఉంటాయి. మాత్‌లకు అందరికీ సరిపోయే పోలిక ఉండదు, ఉండాల్సిన పని కూడా లేదు. అందుకే ఫొటో చూసి "ఇది మాత్‌లా ఉందా?" అని అడిగితే దారి తప్పుతాం. "ఇది సీతాకోకచిలుకేనా?" అని అడగాలి. కాదంటే మాత్.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పేది మీసం.

మన దేశంలో కనిపించే సీతాకోకచిలుకలు ఆరు కుటుంబాలవి. ఆరింటిలోనూ మీసం చివర లావెక్కుతుంది. కొన్నింటికి అగ్గిపుల్ల తలలా గుండ్రంగా, కొన్నింటికి గదలా, కొన్నింటికి మెల్లమెల్లగా. ఏడో కుటుంబం ఒకటుంది, దానికి మీసం దారంలా సన్నగానే ఉంటుంది గానీ అది అమెరికా ఖండాల్లో తప్ప దొరకదు. కాబట్టి వరంగల్‌లో తీసిన ఫొటోలో మీసం చివర ఏ మాత్రం లావెక్కకపోతే అది సీతాకోకచిలుక కాదు. ఇందులో సందేహం పెట్టుకోనక్కర్లేదు. చివర లావుంటే మాత్రం వెంటనే సీతాకోకచిలుక అనేయకూడదు. ఎక్కువసార్లు అదే అవుతుంది, కానీ కొన్ని మాత్‌లకూ అలాంటి మీసం ఉంటుంది. అంటే ఈ గుర్తు కాదనడానికి పనికొచ్చినంత గట్టిగా, ఔననడానికి పనికిరాదు.

చిన్న ఫొటోలో గద, పుల్ల, దారం అనే పోలికలు అంత తేలిగ్గా తెలియవు. నేను చేసే పని ఒకటుంది. మీసం తలకు అతుక్కున్న చోట ఎంత లావుందో చూస్తాను, తర్వాత చివర ఎంత లావుందో చూస్తాను. మాత్‌ల దారపు మీసం మొదట్లో లావుగా ఉండి, గుర్రపు తోక వెంట్రుకలా చివరికి సన్నబడిపోతుంది. సీతాకోకచిలుకది దానికి తలకిందులు. ఎక్కడ లావు అన్న ఒక్క ప్రశ్నతో పదింట ఎనిమిది ఫొటోలు తేలిపోతాయి.

దువ్వెనలా, ఈకలా ఉండే మీసమైతే ఆ ప్రశ్న కూడా అక్కర్లేదు, అది మాతే. దీన్ని మన దగ్గర బాగా చూడాలంటే దసలి పట్టు పురుగును చూడాలి. మహదేవపూర్, చెన్నూరు వైపు మద్ది చెట్ల మీద పెంచుతారే, అదే. ఆ పట్టుకాయల్లోంచి బయటికొచ్చే మాత్ అరచేయి నిండుగా ఉంటుంది, ఒక్కో రెక్క మీద గాజు పెంకులాంటి కన్ను గుర్తు. మగదాని మీసం చిన్న ఫెర్న్ ఆకులా రెండు వైపులా పళ్లతో వెడల్పుగా ఉంటుంది. ఆడదాని మీసానికీ పళ్లుంటాయి గానీ ఇరుకుగా ఉంటాయి. రెక్కలొచ్చాక ఈ పురుగుకు తిండి లేదు, తినడానికి పనికొచ్చే నోరే లేదు. ఉన్న కొద్ది రోజుల్లో జత కట్టాలి, గుడ్లు పెట్టాలి. చీకట్లో ఆడది ఎక్కడుందో మగది వాసనతోనే పట్టుకోవాలి. ఆ వాసన గాలిలో ఎంతో పలచగా ఉంటుంది. మీసానికి ఎంత వైశాల్యం ఉంటే అంత ఎక్కువ వాసన తగులుతుంది. ఆ పళ్లు అందుకు.

ఈ వాసన కథ పత్తి రైతులకు కొత్తది కాదు. గులాబీ రంగు పురుగు కోసం చేలో లింగాకర్షక బుట్టలు కడతారు. ఆడ మాత్ వదిలే వాసనను పోలిన మందును ఎరగా పెడితే అందులో మగవి మాత్రమే వచ్చి పడతాయి. ఆ వాసన రసాయనాల్లో మొట్టమొదటిదాన్ని గుర్తించింది జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ బ్యూటెనాంట్ బృందం, 1959లో, మామూలు పట్టుపురుగు నుంచి. అందుకోసం వాళ్లు సుమారు ఐదు లక్షల ఆడ మాత్‌లను వాడారు. అయితే బుట్టలో పడ్డ గులాబీ రంగు పురుగును తీసి చూస్తే మీసం ఈకలా ఉండదు, సన్నటి దారమే. వాసన పట్టే మాత్‌లన్నిటికీ ఈక మీసాలుంటాయి అనుకోవద్దని ఈ మాట చెబుతున్నాను.

ఇక నర్సంపేట ఫొటో. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నొక్కుకుపోతుంది. మీసం లాంటి సన్నటి గీత మొదట పోయేది అందులోనే. "అదే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపురా" అన్నాను. పంపాడు. తల దగ్గర పెద్దది చేసి చూస్తే రెండు మీసాలూ కనిపించాయి. ఒకటి గోడ నీడలో కలిసిపోయింది, రెండోది బాగుంది. అగ్గిపుల్ల తల లాంటిదేమీ లేదు, అందుకే పైపైన చూస్తే దారంలాగే అనిపిస్తుంది. నా ప్రశ్న వేసుకున్నాను. తల దగ్గర సన్నం, మధ్యలో సన్నం, చివరి నాలుగో వంతులో మెల్లగా లావు. మాత్‌ల దారపు మీసం ఇలా ఉండదు.

తర్వాత వాలిన తీరు. రెక్కలు వీపు మీద నమస్కారం పెట్టినట్టు కలిసి నిలబడి ఉన్నాయి. మనకు కనిపిస్తున్నది రెక్కల అడుగు భాగం. చివరగా రెక్క ఆకారం. ముందు రెక్క కొన కొక్కెంలా బయటికి పొడుచుకొచ్చింది, వెనక రెక్క అంచున చిన్న మొటిమ లాంటి తోక ఉంది. అడుగున సన్నటి గీతలు, వరుసగా చిన్న చిన్న కన్ను చుక్కలు. దీన్ని ఈవెనింగ్ బ్రౌన్ అంటారు, శాస్త్రీయ నామం మెలానిటిస్ లెడా. రెక్కలు చాపితే ఆరు నుంచి ఎనిమిది సెంటీమీటర్లు. దీని గొంగళి పురుగు గడ్డి ఆకులు, వరి ఆకులు తింటుంది. అందుకే వరి ఊళ్లన్నిటిలో ఉంటుంది. పగలంతా ఎండుటాకుల్లో కలిసిపోయి ఉండి పొద్దుగూకే వేళ ఎగురుతుంది, దీపాలకూ వస్తుంది. వానాకాలంలో పుట్టినవాటికి అడుగున కన్ను చుక్కలు బాగా కనిపిస్తాయి, పొడి కాలంలో పుట్టినవాటికి అవి దాదాపు చెరిగిపోయి అచ్చం ఎండుటాకులా ఉంటాయి. ఇంటి గ్రూపు చెప్పిన మూడు కారణాలూ, రాత్రి, మట్టి రంగు, లైటు, ఈ ఒక్క సీతాకోకచిలుక దగ్గర తేలిపోతాయి.

వాలిన తీరు గురించి అందరికీ తెలిసిన సూత్రం ఒకటుంది. సీతాకోకచిలుక రెక్కలు మూసి నిలబెడుతుంది, మాత్ పరిచి పడుకుంటుంది. ఇది సగమే నిజం. ఎందుకంటే మీసం ఆకారం మారదు, వాలిన తీరు నిమిషంలో మారుతుంది. చలికాలం ఉదయం ఎనిమిదింటికి భద్రకాళి చెరువు కట్ట మీద నడిచి చూడండి. లెమన్ పాన్సీ అనే సీతాకోకచిలుక నేల మీద రెక్కలు పూర్తిగా పరిచి కూర్చుంటుంది. దాని ఒంట్లో వేడి బయటి ఎండ నుంచి రావాలి, రెక్కలు పరిస్తేనే ఒళ్లు వేడెక్కి ఎగరగలుగుతుంది. మబ్బు పట్టగానే మూసేస్తుంది. ఆముదం చెట్ల దగ్గర తిరిగే కామన్ కాస్టర్ ఎండ ఉన్నా లేకున్నా పరచుకునే కూర్చుంటుంది. కాబట్టి ఒకే ఫొటోలో పరిచిన రెక్కలు కనిపిస్తే దాన్నిబట్టి ఏమీ చెప్పలేం.

రాత్రి తిరిగే పెద్ద మాత్‌లకు ఎండ దొరకదు. అవి ఎగిరే ముందు నిలబడిన చోటే రెక్కలు వణికించి కండరాలతో వేడి పుట్టించుకుంటాయి. ఆ వేడి పోకుండా ఒంటి మీద దట్టంగా నూగు ఉంటుంది. ఫొటోలో మాత్ బొద్దుగా, కంబళి కప్పుకున్నట్టు కనిపించడానికి కారణం అదే. మంచి ఆనవాలే గానీ, సన్నటి ఒళ్లున్న మాత్‌లు కూడా లెక్కలేనన్ని.

అయితే వాలే తీరుల్లో మాత్‌లు మాత్రమే చేసేవి రెండున్నాయి, అవి కనిపిస్తే నమ్మొచ్చు. ఒకటి ఇంటి కప్పు వాలు. ముందు రెక్కలు వెనక రెక్కలను పూర్తిగా కప్పేసి, వీపు మీద పెంకుటింటి కప్పులా రెండు వైపులకూ వాలి ఉంటాయి. శనగపచ్చ పురుగు, లద్దె పురుగు తల్లులు ఇలాగే కూర్చుంటాయి. రెండోది ఒంటికి చుట్టుకోవడం. జనుము చల్లిన మడి దగ్గర పగలే కనిపించే ఒక చిన్న మాత్ ఉంది. తెల్లటి రెక్కల మీద ఎర్ర చుక్కలు, నల్ల చుక్కలు, ముగ్గు వేసినట్టుంటుంది. అందం చూసి అందరూ సీతాకోకచిలుక అనేస్తారు. వాలగానే రెక్కలను చుట్టలా ఒంటికి చుట్టేసుకుంటుంది, మీసం చూస్తే వట్టి దారం. దీన్ని యుటెథీసా అంటారు. జనుము జాతి మొక్కల్లోని విషాన్ని గొంగళిగా ఉన్నప్పుడే ఒంట్లో దాచుకుంటుంది. తింటే చేదని పక్షులకు ముందే తెలియాలి కాబట్టి రంగులేసుకుని పగలే తిరుగుతుంది.

మనకు బాగా టెన్షన్ పెట్టేవి స్కిప్పర్లు. ఇవి సీతాకోకచిలుకలే, కానీ బొద్దుగా, నూగుతో, మట్టి రంగులో ఉంటాయి. పాకాల అడవి బాటలో తీసిన ఒక ఫొటో మా మేనల్లుడే పంపాడు. ముదురు గోధుమ రంగు రెక్కలు బల్లపరుపుగా పరిచి, ఆకు మీద అంటించినట్టు కూర్చుంది. కూర్చున్న తీరు చూసినా, రంగు చూసినా, ఒళ్లు చూసినా మాతే అనాలి. మీసం చూస్తే చివర లావెక్కి, ఆ లావు తర్వాత కొన కొడవలిలా వెనక్కి వంగి ఉంది. తల వెడల్పుగా ఉండి మీసాలు రెండూ దూరం దూరంగా మొలిచాయి. ఈ రెండూ కలిస్తే స్కిప్పర్. అందులో ఫ్లాట్ అనే గుంపు అచ్చం ఇలాగే బల్లపరుపుగా వాలుతుంది, చాలాసార్లు ఆకు అడుగుకు పోయి వాలుతుంది. గడ్డిలో తిరిగే చిన్న స్కిప్పర్లు ఇంకో రకంగా కూర్చుంటాయి. వెనక రెక్కలు పరిచి, ముందు రెక్కలు సగం పైకెత్తి, చిన్న జెట్ విమానంలా ఉంటాయి. ఆ భంగిమ కనిపిస్తే మీసం కోసం వెతక్కపోయినా పర్వాలేదు.

చివర లావున్నా మాత్ కావచ్చు అన్నాను కదా. మన పెరళ్లలో దానికి ఉదాహరణ హాక్ మాత్. పొద్దున గానీ సాయంత్రం గానీ పూల ముందు గాలిలో నిలబడి, వాలకుండానే పొడవాటి తొండంతో తేనె తాగుతుంది. తేనెపిట్ట అనుకుని ఫొటో తీసేవాళ్లు చాలామంది. దాని మీసం కొన వైపు లావెక్కుతుంది, ఫొటోలో గదలాగే పడుతుంది. తేడా ఏమిటంటే సీతాకోకచిలుక మీసం కాడ సన్నగా ఉండి చివర మాత్రమే ఉబ్బుతుంది. హాక్ మాత్ మీసం మొదలు నుంచే మందంగా ఉంటుంది, కొంచెం కొంచెం లావెక్కి, చిట్టచివర సూదిలా ముగుస్తుంది. ఇక్కడే రెక్క ఆకారం అక్కరకొస్తుంది. ముందు రెక్క ఇరుగ్గా, పొడుగ్గా, విమానం రెక్కలా ఉంటుంది, వెనక రెక్క దానితో పోలిస్తే చాలా చిన్నది, ఒళ్లు బొటనవేలులా ఉంటుంది. ఆ కొలతలతో మన దగ్గర సీతాకోకచిలుక ఏదీ లేదు.

అంతకు మించి రెక్క ఆకారాన్ని నేను పెద్దగా నమ్మను. తోక ఉంటే సీతాకోకచిలుక అంటారు. కరివేపాకు, నిమ్మ చెట్ల దగ్గర తిరిగే కామన్ మార్మన్‌కు తోకలున్న మాట నిజమే. కానీ మూన్ మాత్ అని లేత ఆకుపచ్చ రంగులో ఒకటుంది, దాని తోకల ముందు మార్మన్ తోకలు మొలకలు. మూన్ మాత్ మీసం మాత్రం దసలి పురుగుదాని లాగే దువ్వెన.

తోకల దగ్గరే ఫొటోలో ఒక తమాషా మోసం జరుగుతుంది. కంది పూత మీద పీ బ్లూ అనే చిన్న నీలి సీతాకోకచిలుకలు ముసురుతాయి. రెక్కలు మూసి కూర్చున్నప్పుడు వెనక రెక్క చివర వెంట్రుక లాంటి తోక, దాని పక్కన నల్ల చుక్కలు ఉంటాయి. చుక్కలు కళ్లలా, తోకలు మీసాల్లా కనిపిస్తాయి. పైగా అది రెక్కలను మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తుంటే ఆ తోకలు నిజం మీసాల్లాగే కదులుతాయి. పక్షి అక్కడ పొడిస్తే రెక్క ముక్క పోతుంది గానీ ప్రాణం దక్కుతుంది. మనమూ ఆ పక్షిలాగే పొరబడి, "మీసం సన్నగా ఉంది, చివర లావు లేదు, కాబట్టి మాత్" అని రాసేస్తాం. కాళ్లు ఏ వైపున ఉన్నాయో చూసుకుంటే ఈ పొరపాటు జరగదు. కాళ్లు ఛాతీకి ఉంటాయి, తల దానికి ముందుంటుంది.

మీసం కనిపించేలా ఫొటో తీయడం పెద్ద పనేమీ కాదు. ఫోనును బాగా దగ్గరికి తీసుకెళ్తే చాలావరకు మసకే వస్తుంది, పురుగూ ఎగిరిపోతుంది. ఒకటిన్నర అడుగు దూరం నుంచి రెండింతలు జూమ్ పెట్టి, తెర మీద పురుగు కంటి దగ్గర వేలు పెట్టి ఫోకస్ చేయాలి. రెక్క మధ్యలో పెడితే రెక్క రంగులు అద్భుతంగా వస్తాయి, మీసాలు పొగలా మిగులుతాయి. ఒకటి పక్క నుంచి, ఒకటి పై నుంచి తీయాలి. పక్క ఫొటోలో వాలిన తీరు తెలుస్తుంది, పై ఫొటోలో మీసాలు రెండూ ఒకే మట్టంలో పడి కొస దాకా స్పష్టంగా వస్తాయి. మీసాల వెనక గడ్డి గీతలు కాకుండా వెడల్పాటి ఆకో గోడో ఉంటే ఇంకా మంచిది.

అయినా కొన్ని ఫొటోల దగ్గర ఆగిపోవాల్సిందే. నిద్రపోయే మాత్‌లు చాలావరకు మీసాలను వెనక్కి మడిచి రెక్కల అంచు కిందికి దోపుకుంటాయి. పోయిన వారం మా మేనల్లుడు పంపిన ఫొటో అలాంటిదే. బాత్రూం గోడ మీద బూడిద రంగులో రూపాయి బిళ్లంత పురుగు, రెక్కలు పరిచి ఉంది, మీసాలు ఎక్కడా లేవు. పరిచిన రెక్కలను బట్టి ఏమీ చెప్పలేం, కానీ మీసాలు దోపుకోవడం మాత్ వైపు చూపిస్తోంది. ఫ్లాట్‌లు కూడా అలాగే వాలతాయి గానీ, వాటి మీసాలు ముందుకు చాచి బయటికే కనిపిస్తుంటాయి. అందుకని "మాత్ కావచ్చు, నూటికి తొంభై. గడ్డిపోచతో మెల్లగా తాకు, ఎగిరే ముందు మీసాలు బయట పెడుతుంది, అప్పుడు ఇంకోటి తియ్" అని రాశాను. పది నిమిషాల తర్వాత జవాబొచ్చింది: "మామా, బల్లి తినేసింది."